బంతి నేలను తాకే ఫ్రేమ్

యానిమేషన్ నేర్చుకోవడానికి కూర్చున్న వాళ్లకు హైదరాబాద్‌లోనైనా లాస్ ఏంజిలిస్‌లోనైనా మొదట ఇచ్చే పని ఒక్కటే: బంతిని ఎగరేయండి. ముఖం లేదు, కాళ్లూ చేతులూ లేవు, మాట్లాడే పని లేదు. ఒక గుండ్రటి వస్తువు నేలమీద పడి, లేచి, మళ్లీ పడి, చివరికి ఆగాలి. అయినా తొలిసారి చేసినవాటిలో నూటికి తొంభై బంతులు గాల్లో తేలుతాయి. యానిమేషన్ అంటే ఏమిటో తెలియని పక్కింటి పిల్లవాడు కూడా చూడగానే ‘ఇదేంటి, బెలూన్‌లా ఉంది’ అంటాడు. ఎక్కడ తప్పిందో మాత్రం చేసినవాళ్లకే అంతు పట్టదు. పదిసార్లు ప్లే చేసి చూసి, కీలను అటూ ఇటూ జరిపి, చివరికి విసుగొచ్చి వదిలేస్తారు.

ఆ తప్పు తెరమీద కనబడదు. గ్రాఫ్‌లో కనబడుతుంది. దాన్ని చదవడం వస్తే బంతిని ప్లే చెయ్యకుండానే అది తేలుతుందా, పడుతుందా అన్నది చెప్పెయ్యొచ్చు. అందుకు ఒకే ఒక బంతిని తీసుకుని మొదటినుంచీ చివరిదాకా లెక్క కడదాం. సుమారు పది సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రబ్బరు బంతి. సెకనుకు 24 ఫ్రేములు. బంతి పైనుంచి పడి నేలను తాకడానికి సరిగ్గా అర సెకను, అంటే 12 ఫ్రేములు.

ఆ 12 అన్న అంకె టైమింగ్. బంతి ఎప్పుడు బయలుదేరింది, ఎప్పుడు తాకింది అన్నంత వరకే అది చెబుతుంది. మధ్యలో ఉన్న ఫ్రేముల్లో బంతి ఎక్కడెక్కడ ఉంది, ఒక ఫ్రేమ్ నుంచి ఇంకో ఫ్రేమ్‌కి ఎంత జరిగింది అన్నది స్పేసింగ్. రెండూ వేరువేరు. అదే ఎత్తు, అవే 12 ఫ్రేములు పెట్టి మూడు రకాల బంతులు చెయ్యొచ్చు. ప్రతి ఫ్రేమ్‌కీ సమానంగా జరిపితే అది దారం కట్టి దించుతున్న బంతి. మొదట కొంచెం కొంచెంగా, పోనుపోను ఎక్కువగా జరిపితే అది పడుతున్న బంతి. మొదట నెమ్మదిగా కదిలి, మధ్యలో వేగం పుంజుకుని, నేల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ నెమ్మదిస్తే, అది లిఫ్ట్. తొలి ప్రయత్నంలో చాలామంది తెలియకుండా చేసేది ఈ మూడోదే. వాళ్లను టైమింగ్ సరిచేసుకోమనడం వల్ల లాభం లేదు. టైమింగ్ సరిగ్గానే ఉంటుంది.

కంప్యూటర్ రాకముందు ఈ సంగతంతా ఒక చిన్న గీతలో ఇమిడిపోయేది. సీనియర్ యానిమేటర్ ముఖ్యమైన బొమ్మలు మాత్రమే గీసేవాడు. మన బంతి విషయంలో అవి రెండే: పైన ఉన్నది ఒకటి, నేలను తాకింది ఇంకొకటి. మధ్య బొమ్మలు గీసే పని సహాయకులది. వాళ్లకు ఏ బొమ్మ ఎక్కడ రావాలో తెలియడానికి కాగితం అంచున ఒక నిలువు గీత గీసి, రెండు కొసల దగ్గరా కీ బొమ్మల నంబర్లు వేసి వాటి చుట్టూ సున్నా చుట్టి, మధ్యలో అడ్డగీతలు పెట్టేవాడు. ఒక్కో అడ్డగీత ఒక్కో బొమ్మ. గీతలు దగ్గరదగ్గరగా ఉన్నచోట బంతి నెమ్మదిగా పోతుంది, ఎడంగా ఉన్నచోట వేగంగా పోతుంది. ఇదే టైమింగ్ చార్ట్. ఎన్ని గీతలున్నాయో లెక్కపెడితే టైమింగ్, వాటి మధ్య ఎడం చూస్తే స్పేసింగ్.

ఆ అడ్డగీతలు ఎక్కడ పెట్టాలో కొలబద్దతో కొలిచేవారు కాదు. సగాలు చేసేవారు. పై బొమ్మకూ కింది బొమ్మకూ సరిగ్గా మధ్యలో ఒకటి. దానికీ పై బొమ్మకూ మధ్యలో ఇంకొకటి. మళ్లీ దానికీ పై బొమ్మకూ మధ్యలో మరొకటి. కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి, కింద లైటు వేసుకుని గీసే మనిషికి సగం అన్నది కంటికి సులువుగా దొరికే కొలత. అలా గీస్తే పైనుంచి దూరాలు ఎనిమిదో వంతు, నాలుగో వంతు, సగం, మొత్తం అని వస్తాయి. నిజంగా పడే బంతిని సమాన కాలాల్లో నాలుగుసార్లు కొలిస్తే పదహారో వంతు, నాలుగో వంతు, పదహారింట తొమ్మిది వంతులు, మొత్తం అని వస్తుంది. రెండు వరుసలూ అచ్చంగా ఒకటి కాదు, కానీ చాలా దగ్గర. నాలుగో వంతు దగ్గర రెండూ కలుస్తాయి కూడా. భౌతికశాస్త్రం పుస్తకం తెరవకుండా బల్ల దగ్గర కూర్చుని కుదుర్చుకున్న పద్ధతి గురుత్వాకర్షణకు ఇంత దగ్గరగా రావడం నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపిస్తుంది.

అసలు లెక్క గెలీలియోది. కింద పడే వస్తువు సమాన కాలాల్లో పోయే దూరాలు 1, 3, 5, 7 అని బేసి సంఖ్యల్లో పెరుగుతాయి. మన బంతికి పన్నెండు ఫ్రేములున్నాయి కాబట్టి ఒకటి నుంచి ఇరవై మూడు దాకా బేసి సంఖ్యలు. అన్నీ కలిపితే 144, అంటే 12 వర్గం. భూమిమీద సెకనుకు 24 ఫ్రేముల చొప్పున ఇందులో ఒక వంతు విలువ 0.85 సెంటీమీటరు. కాబట్టి అర సెకనులో బంతి పడే ఎత్తు 122.6 సెంటీమీటర్లు, అంటే నాలుగు అడుగులు. ఈ ఎత్తు మనం ఎంచుకున్నది కాదు. 12 ఫ్రేములు అనుకున్న క్షణంలోనే అది తేలిపోయింది. అదే 12 ఫ్రేముల్లో బంతిని ఐదు మీటర్లు పడేస్తే చూసేవాళ్లకు అది ఐదు మీటర్లుగా కనబడదు. చిన్న బొమ్మ ఇంట్లో చిన్న బంతిలా కనబడుతుంది. ఐదు మీటర్లకు దాదాపు 24 ఫ్రేములు కావాలి. ఎత్తు నాలుగింతలైతే కాలం రెండింతలు, అంతే.

మొదటి ఫ్రేమ్‌లో బంతి జరిగే దూరం ఒక సెంటీమీటరు కూడా లేదు. చివరి ఫ్రేమ్‌లో 19.6 సెంటీమీటర్లు. సగం కాలం గడిచేసరికి, అంటే ఆరు ఫ్రేములు అయ్యేసరికి, బంతి పడింది నాలుగో వంతు ఎత్తు మాత్రమే. మిగిలిన మూడు వంతులూ తర్వాతి ఆరు ఫ్రేముల్లోనే పడాలి. గుర్తుంచుకోవాల్సిన కొలత ఏదైనా ఉంటే ఇదే: సగం కాలానికి పావు దూరం. మీరు చేసిన బంతి సగం కాలానికి సగం దూరంలో ఉందంటే అది పడటం లేదు, దిగుతోంది.

ఇప్పుడు బంతి నేలను తాకింది. పైకి ఎంత లేవాలి? ఎత్తును ఊహతో తగ్గించి, ఫ్రేములను అలాగే ఉంచడం అందరూ చేసే పని. మొదటిది నాలుగు అడుగులు, రెండోది రెండున్నర, మూడోది ఒకటిన్నర. ప్రతి గెంతుకూ అన్నే ఫ్రేములు. ఫలితం చూస్తే ఒక్కో గెంతు ఒక్కో గ్రహం మీద జరిగినట్టుంటుంది. చిన్న గెంతులు మరీ నత్తనడక నడుస్తాయి. ఎత్తు తగ్గితే కాలం కూడా తగ్గాలి, ఆ తగ్గుదల వర్గం లెక్కలో ఉండాలి. అందుకే ముందు ఫ్రేములు నిర్ణయించుకుని, ఎత్తు వాటినుంచి కట్టుకోవడం సులువు.

మన రబ్బరు బంతి నేలను తాకిన ప్రతిసారీ వేగంలో నాలుగో వంతు పోగొట్టుకుంటుందని అనుకుందాం. టెన్నిస్ బంతి కూడా ఇంచుమించు ఇంతే. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం మామూలు టెన్నిస్ బంతిని 254 సెంటీమీటర్ల నుంచి వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్ల మధ్య లేవాలి. వేగం లెక్కలో చూస్తే అది మూడు వంతుల దగ్గరే ఉంటుంది. వేగం మూడు వంతులైతే పైకి లేచే కాలం కూడా మూడు వంతులే. పన్నెండులో మూడు వంతులు తొమ్మిది. తొమ్మిది ఫ్రేములు పైకి, తొమ్మిది కిందికి. తర్వాతది ఆరుముప్పావు వస్తుంది, దాన్ని ఏడు చేద్దాం. ఆ తర్వాత ఐదు. ఎత్తుకు ఒక్కటే సూత్రం:

```
h = 122.6 × (n / 12)²
```

n అంటే పైకి లేచేటప్పటి ఫ్రేముల సంఖ్య. తొమ్మిదికి 69 సెంటీమీటర్లు, ఏడుకు దాదాపు 42, ఐదుకు 21. మొదటి ఫ్రేమ్‌లో బంతి పైన ఉంటే 13లో నేల, 22లో పైన, 31లో నేల, 38లో పైన, 45లో నేల, 50లో పైన, 55లో నేల. మొత్తం ఎనిమిది కీలు. ఇంతకు మించి కీలు పెట్టాల్సిన పని లేదు. పెట్టినకొద్దీ పాడవుతుంది కూడా.

ఏడు, ఐదు అని సర్దుకున్నాం కదా, అది తప్పు కాదా అని అడగొచ్చు. కాదు. బంతి తాకే క్షణం కచ్చితంగా ఒక ఫ్రేమ్ మీద పడాలి. రెండు ఫ్రేముల మధ్య ఎక్కడో తాకితే ఒక ఫ్రేమ్‌లో బంతి నేలకు కొంచెం పైన ఉంటుంది, తర్వాతి ఫ్రేమ్‌లో అప్పటికే పైకి లేచి ఉంటుంది. నేలను తాకిన బొమ్మే తెరమీదకు రాదు. ప్రేక్షకుడికి అది నేలకు పైన కనబడని అద్దం ఏదో ఉండి, దాన్ని తాకి వెనక్కి వచ్చినట్టు ఉంటుంది. భౌతికశాస్త్రం లెక్కతో కంప్యూటర్ తనంత తానే చేసిన సిమ్యులేషన్‌లో ఈ లోపం తరచూ కనబడుతుంది. ప్రకృతికి ఫ్రేములు లేవు, మనకున్నాయి. ఆరుముప్పావును ఏడు చెయ్యడం వల్ల కన్ను ఏమీ పోగొట్టుకోదు. తాకిన బొమ్మ లేకపోతే మాత్రం పోగొట్టుకుంటుంది.

ఈ ఎనిమిది కీలనూ బ్లెండర్‌లో బంతి ఎత్తు మీద, అంటే Z మీద పెట్టి గ్రాఫ్ ఎడిటర్ తెరుద్దాం. ఉచితంగా దొరికేది, మన ఊళ్లలో ఎక్కువమంది మొదలుపెట్టేది అదే కాబట్టి దాన్ని తీసుకుంటున్నాను. మాయాలోనైనా ఇంకెక్కడైనా చదివే తీరు మారదు. పెట్టేముందు ఒక జాగ్రత్త. బంతి స్థానాన్ని సాఫ్ట్‌వేర్ దాని మధ్య బిందువు నుంచి కొలుస్తుంది. ఆ బిందువును బంతి అడుగుకు మార్చుకుంటే నేలను తాకినప్పుడు Z విలువ సున్నా అవుతుంది, గ్రాఫ్ చదవడం తేలికవుతుంది.

గ్రాఫ్‌లో అడ్డంగా పోయేది కాలం, ఫ్రేముల్లో. నిలువుగా ఉండేది ఎత్తు. గీత కమాను కమానులుగా, పోనుపోను చిన్నదవుతూ కనబడుతుంది. ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. ఆ కమానులు చూసి అదే బంతి నడిచే దారి అనుకుంటారు. కాదు. బంతి ఉన్నచోటే నిలువుగా ఎగిరినా గ్రాఫ్‌లో కమానులే వస్తాయి, ఎందుకంటే కాలం ఆగదు కదా. దారి చూడాలంటే అసలు దృశ్యంలో చూడాలి. గ్రాఫ్ చూపించేది ఒక్క దిశలో జరిగిన మార్పును మాత్రమే.

చదవాల్సింది గీత ఎంత ఎత్తులో ఉందని కాదు, ఎంత ఏటవాలుగా ఉందని. ఒక ఫ్రేమ్ నుంచి పక్క ఫ్రేమ్‌కి పోయేసరికి గీత ఎంత దిగిందో అదే ఆ ఫ్రేమ్ స్పేసింగ్. గీత బల్లపరుపుగా ఉంటే బంతి దాదాపు కదలడం లేదు. నిట్టనిలువుకు దగ్గరగా ఉంటే దూసుకుపోతోంది. పాత చార్ట్‌కూ దీనికీ చుట్టరికం ఇక్కడ ఉంది. గ్రాఫ్‌లో ప్రతి ఫ్రేమ్ దగ్గరా గీత మీద ఒక చుక్క పెట్టి, ఆ చుక్కలన్నిటినీ పక్కనున్న నిలువు గీత మీదకు నెట్టేస్తే వచ్చేది అచ్చంగా కాగితం అంచున ఉన్న చార్టే. పైన చుక్కలు కిక్కిరిసి ఉంటాయి, కింద ఎడంగా ఉంటాయి. ఇది ఊహించుకోవాల్సిన అవసరం కూడా లేదు. బ్లెండర్‌లో Motion Paths లెక్కించమంటే బంతి దారి వెంట ప్రతి ఫ్రేమ్‌కీ ఒక చుక్క చూపిస్తుంది.

ఇక తేలే బంతి సంగతి. కీలు పెట్టగానే సాఫ్ట్‌వేర్ వాటిని కలుపుతూ గీత గీస్తుంది. ఎలా గీయాలో దానికి ఎవరూ చెప్పలేదు కాబట్టి అన్నిచోట్లా నున్నగా గీస్తుంది. బ్లెండర్‌లో మామూలుగా ఉండే Auto Clamped పద్ధతిలో ప్రతి శిఖరమూ, ప్రతి అడుగూ బల్లపరుపుగా అవుతాయి. శిఖరం దగ్గర అది సరే, బంతి అక్కడ నిజంగానే ఒక క్షణం ఆగుతుంది. కానీ అడుగున కూడా గిన్నెలా గుండ్రంగా తిరుగుతుంది. చివరి ఫ్రేమ్‌లో 19.6 సెంటీమీటర్లు పడాల్సిన బంతి రెండు సెంటీమీటర్లు మాత్రమే పడుతుంది. నేలను తాకకముందే బ్రేకు వేసి, మెల్లగా ఆనించి, మెల్లగా లేపినట్టు. ఇందాకటి లిఫ్ట్ ఇదే. గ్రాఫ్‌లో అడుగులు గుండ్రంగా కనిపిస్తే ప్లే చేసి చూడనక్కర్లేదు, ఆ బంతి తేలుతుంది.

ఇది కొత్త జబ్బేమీ కాదు. 1986లో ‘లక్సో జూనియర్’ తీసిన జాన్ లాసెటర్ మరుసటి ఏడు సిగ్రాఫ్ సదస్సులో, చేతితో గీసే యానిమేషన్ సూత్రాలను కంప్యూటర్‌కు ఎలా వర్తింపజేయాలో ఒక పత్రం సమర్పించాడు. అందులోనూ ఎగిరే బంతి ఉంది. కీల మధ్య గీతను యంత్రానికి వదిలెయ్యకుండా యానిమేటర్ తానే దిద్దుకోవాలన్నది అప్పటి మాటే.

దిద్దడం ఎలా? అడుగున గీత గుండ్రంగా తిరగకూడదు, కోసుగా విరగాలి. అడుగు కీలు ఎంచుకుని V నొక్కితే హ్యాండిల్ రకాల జాబితా వస్తుంది. అక్కడ చాలామంది Vector నొక్కి, గీత V ఆకారంలోకి రాగానే పని అయిపోయిందనుకుంటారు. ఎన్నో పాఠాలు కూడా అక్కడితో ఆగిపోతాయి. బంతి మునుపటికన్నా నయంగానే ఉంటుంది. అయినా ఏదో వెలితి. దాని కారణం లెక్కలో దొరుకుతుంది. Vector హ్యాండిల్ తన పక్కనున్న కీ వైపు తిన్నగా చూస్తుంది. కాబట్టి నేలను తాకేచోట గీత వాలు, శిఖరం నుంచి అడుగుకు గీసిన సూటి గీత వాలుతో సమానం. నిజంగా పడే బంతికి ఆ చోట రెండింతల వాలు ఉండాలి. చివరి ఫ్రేమ్‌లో బంతి 19.6కు బదులు సుమారు 11 సెంటీమీటర్లే పడుతుంది. అంతకన్నా వింత ఏమిటంటే, ఇందులో బంతి వేగం దారిలో మూడింట రెండు వంతుల కాలం దగ్గర పతాకస్థాయికి చేరి, నేల చేరేలోపు కాస్త తగ్గుతుంది. పడే బంతి గాల్లో ఉండగా వేగం తగ్గించుకుంటోందన్నమాట. గ్రాఫ్‌ను పెద్దది చేసి చూస్తే అడుగుకు కొంచెం పైన గీత బయటికి వంగి, లంగా అంచులా విచ్చుకున్నట్టు కనబడుతుంది. కోసుగా విరిగింది కదా అని మోసపోకూడదు.

సరైన వాలు కనిపెట్టడానికి ఒక పరీక్ష ఉంది. నేలను తాకే కీ నుంచి హ్యాండిల్‌ను అదే దిశలో పైకి పొడిగించినట్టు ఊహించండి. ఆ గీత శిఖరం ఎత్తును సరిగ్గా సగం కాలం దగ్గర అందుకోవాలి. మన మొదటి పతనం 1 నుంచి 13 దాకా కాబట్టి, 7వ ఫ్రేమ్ దగ్గర అందుకోవాలి. 7 కన్నా ముందే, శిఖరం కీ వైపుగా అందుకుంటే వాలు చాలలేదు. 7 దాటాక అందుకుంటే మరీ నిలువుగా ఉంది, బంతిని ఎవరో నేలకేసి కొట్టినట్టుంటుంది. ఈ ఒక్క పరీక్ష ఏ ఎత్తుకైనా, ఎన్ని ఫ్రేములకైనా పనికొస్తుంది.

కచ్చితంగా కావాలనుకుంటే హ్యాండిళ్ల పొడవు కూడా చెప్పుకోవచ్చు. రెండు హ్యాండిళ్లూ కాలంలో మూడో వంతు ఉండాలి. మన బంతికి నాలుగు ఫ్రేములు. పై కీ కుడి హ్యాండిల్ బల్లపరుపుగా 5వ ఫ్రేమ్ దాకా, అదే ఎత్తులో. నేల కీ ఎడమ హ్యాండిల్ 9వ ఫ్రేమ్ దగ్గర, శిఖరం ఎత్తులో మూడింట రెండు వంతుల్లో, అంటే 0.817 మీటర్ల దగ్గర. హ్యాండిళ్లను Free చేసుకుని, N నొక్కితే కుడిపక్క వచ్చే F-Curve పట్టీలో ఈ అంకెలు టైపు చెయ్యొచ్చు. అప్పుడు వచ్చే గీత గెలీలియో లెక్కకు ఉజ్జాయింపు కాదు, అచ్చంగా అదే. తర్వాతి కమానుకు మూడో వంతు మూడు ఫ్రేములు, ఎత్తు 0.46 మీటర్లు. కాబట్టి 13వ ఫ్రేమ్ కీ కుడి హ్యాండిల్ 16 దగ్గర, 31వ ఫ్రేమ్ కీ ఎడమ హ్యాండిల్ 28 దగ్గర. అంకెలంటే చిరాకుపడేవాళ్లకు ఇంకో దారి ఉంది. T నొక్కి Quadratic ఎంచుకుని, పడేటప్పుడు Ease In, లేచేటప్పుడు Ease Out పెడితే ఇదే గీత వస్తుంది. అదే జాబితాలో Bounce అని కూడా ఒకటి కనబడుతుంది. దాని జోలికి పోకండి. అందులో ప్రతి గెంతూ ముందుదానిలో నాలుగో వంతు ఎత్తే లేస్తుంది, దాన్ని మార్చే వీలు లేదు. టైటిల్ అక్షరాలు ఎగరెయ్యడానికి బాగుంటుంది, బంతికి కాదు.

వాలు చదవడం అలవాటయ్యాక నేల కీ దగ్గర రెండు పక్కలూ పోల్చి చూడాలి. ఎడమ పక్క బంతి వచ్చిన వేగం, కుడి పక్క వెళ్లిన వేగం. మనం వేగంలో నాలుగో వంతు పోతుందన్నాం కాబట్టి కుడి వాలు ఎడమ వాలులో మూడు వంతులుండాలి. ఫ్రేముల్లో చూస్తే, 13వ ఫ్రేమ్‌కు వస్తూ 19.6 సెంటీమీటర్లు, వెళ్తూ 14.5. రెండూ సమానంగా ఉంటే నేల ఏమీ తీసుకోలేదు. కుడి పక్క ఇంకా నిలువుగా ఉంటే బంతిని నేలే తన్నిందన్నమాట. గెంతు ఎత్తు సరిగ్గా ఉన్నా ఏదో తేడాగా ఉందని దర్శకుడు అన్నప్పుడు నేను మొదట చూసేది ఈ మూల.

శిఖరం గురించి ఒక్క మాట. 18 ఫ్రేముల కమానులో తొమ్మిది ఫ్రేములు బంతి పై నాలుగో వంతు ఎత్తులోనే ఉంటుంది. బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు గాల్లో ఆగినట్టు కనబడటానికి కారణం కూడా ఇదే. బంతి పైన మరీ ఎక్కువసేపు ఉంటోందేమో అని అనుమానపడి ఆ పైభాగాన్ని నొక్కేసేవాళ్లున్నారు. అక్కర్లేదు, సగం సమయం అక్కడే గడవాలి.

బంతి ముందుకు కూడా పోవాలంటే X ఛానెల్ కావాలి. ఇక్కడ చెయ్యాల్సింది తక్కువ, చేసేస్తున్నది ఎక్కువ. గాల్లో ఉన్న బంతిని పక్కకు నెట్టేది గానీ ఆపేది గానీ చెప్పుకోదగ్గది ఏమీ లేదు కాబట్టి X గీత దాదాపు సూటిగా ఏటవాలుగా పోవాలి. మొదటి ఫ్రేమ్‌లో ఒక కీ, చివరి ఫ్రేమ్‌లో ఒక కీ, మధ్యలో సూటి గీత. కానీ Z మీద కీ పెట్టిన ప్రతిసారీ మూడు దిశలకూ కలిపి కీలు పడేలా పెట్టుకున్నవాళ్లకు X మీద కూడా ఎనిమిది కీలు తయారవుతాయి. తర్వాత ఒక్కోటీ కాస్త జరిగి, X గీత మెట్లు మెట్లుగా మారుతుంది. తెరమీద చూస్తే బంతి నేలను తాకినప్పుడల్లా ఆగి, ఆలోచించి, ముందుకు పోతున్నట్టుంటుంది. Z ఎంత చక్కగా దిద్దినా ఆ లోపం పోదు. ఎందుకంటే అది అక్కడ లేదు. X మీద మధ్య కీలన్నీ తీసేస్తే చాలు.

ఇంత అయ్యాక గానీ బంతిని సాగదీయడం, నొక్కడం జోలికి పోకూడదు. అవి అలంకారం అనుకుంటారు, కానీ సాగదీయడం వెనక స్పేసింగ్ ఉంది. మన బంతి వ్యాసం పది సెంటీమీటర్లు. ఏడో అడుగు నుంచి బంతి ఒక్కో ఫ్రేమ్‌కి తన వ్యాసం కన్నా ఎక్కువ దూరం జరుగుతుంది. అంటే ఒక ఫ్రేమ్‌లోని బంతికీ తర్వాతి ఫ్రేమ్‌లోని బంతికీ మధ్య ఖాళీ. కన్ను వాటిని కలుపుకోలేక బంతి మినుకుమినుకుమంటూ కదులుతున్నట్టు చూస్తుంది. ఆ ఖాళీని పూడ్చడానికే ఆ ఫ్రేముల్లో బంతిని పోయే దిశలో సాగదీస్తారు. మొదటి ఆరు ఫ్రేముల్లో అది అవసరం లేదు, శిఖరం దగ్గర చేస్తే తప్పు. నొక్కడం తాకిన ఫ్రేమ్‌లోనే. లావు పెరిగినంత ఎత్తు తగ్గాలి, లేకపోతే బంతి ఉబ్బినట్టుంటుంది.

వేరే బంతులకు ఇదే గ్రాఫ్ ఎలా మారుతుందన్నది ఎక్కువమంది తిరగేసి అర్థం చేసుకుంటారు. బౌలింగ్ బంతి బరువైంది కదా అని మొదటి పతనాన్ని ఎనిమిది ఫ్రేములకు కుదిస్తారు. అదే నాలుగు అడుగుల నుంచి వదిలితే బౌలింగ్ బంతికీ రబ్బరు బంతికీ పన్నెండు ఫ్రేములే. గ్రాఫ్ మొదటి ముక్క రెండింటికీ ఒకటే. బరువు తెలిసేది ఆ తర్వాత. మూడు ఫ్రేములు లేచి, అంటే దాదాపు ఎనిమిది సెంటీమీటర్లు, ఇంకోసారి ఒక్క ఫ్రేమ్ కదిలి, ఆగిపోతుంది. తేలికైన బీచ్ బంతి దీనికి వ్యతిరేకం. దానికి మొదటి ముక్కే మారుతుంది. గాలి దాన్ని పట్టుకుంటుంది కాబట్టి గీత కొంతదూరం వంగి, ఆ తర్వాత ఇంక నిలువు కాకుండా సూటిగా దిగుతుంది. పతనం పన్నెండు కన్నా ఎక్కువ ఫ్రేములు తీసుకుంటుంది. బెలూన్‌కు ఆ సూటి భాగమే దాదాపు మొత్తం గీత.

కాబట్టి బరువు చూపించాలనుకున్నప్పుడు మొదటి పతనాన్ని ముట్టుకోకండి. 13వ ఫ్రేమ్‌కు కుడి పక్కన దిద్దండి. ముందు నున్నటి బూడిదరంగు బంతితో, Z ఒక్కదానితో, ఎనిమిది కీలతో ఈ లెక్కంతా ఒకసారి చేసి చూడండి. సాగదీయడం, దొర్లించడం, రంగు వెయ్యడం అది కుదిరాకే.